యాంటీబయాటిక్‌తో పాటు ప్రోబయాటిక్: ఎప్పుడు వేసుకోవాలి, నిజంగా పనిచేస్తుందా, ఎవరు జాగ్రత్తపడాలి (తరచుగా అడిగే ప్రశ్నలు)

యాంటీబయాటిక్ వేసుకుంటే విరేచనాలు ఎందుకు పట్టుకుంటాయి?

ముఖ్యంగా మన పేగుల్లో ఉండే బ్యాక్టీరియా దెబ్బతినడం వల్ల. మనం అరిగించుకోలేని పిండిపదార్థాలు, పీచు పెద్దపేగులోకి వచ్చినప్పుడు వాటిని పులియబెట్టేది ఆ బ్యాక్టీరియానే. మందు వల్ల అవి తగ్గిపోతే అరగని పదార్థం అలాగే మిగిలిపోయి నీళ్ళని తనవైపు లాక్కుంటుంది, దాంతో మోషన్ పల్చగా అవుతుంది. పైగా లివర్ నుంచి వచ్చే పిత్తరసంలోని ఆమ్లాల్ని మార్చే పని కూడా ఈ బ్యాక్టీరియాదే, ఆ పని సరిగ్గా జరక్కపోయినా పేగు కంగాళీగానే ఉంటుంది.

అన్ని విరేచనాలకీ ఇదే కారణం కాదు గానీ. ఎరిత్రోమైసిన్ లాంటివి పేగు కదలికల్నే నేరుగా పెంచేస్తాయి, అమాక్సిసిలిన్‌తో కలిపి ఇచ్చే క్లావులనేట్‌కి కూడా ఆ గుణం ఉంది. మొదటి డోస్ పడిన కొన్ని గంటలకే కడుపు గుడగుడలాడి బాత్రూమ్‌కి పరిగెత్తారంటే అది చాలావరకు ఇలాంటిదే, అక్కడ ప్రోబయాటిక్ నుంచి, అంటే పేగుకి మేలు చేస్తాయని మింగే బతికున్న సూక్ష్మజీవుల నుంచి, పెద్దగా ఆశించలేం.

మూడో కారణం అన్నిటికంటే సీరియస్. క్లాస్ట్రిడియోయిడీస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా, డాక్టర్లు పొట్టిగా సీ డిఫ్ అంటారు, మిగతావి ఖాళీ చేసిన జాగాలో పెరిగిపోయి విషపదార్థాలు వదులుతుంది. దాని గురించి కింద మళ్ళీ వస్తుంది.

ప్రోబయాటిక్ వేసుకుంటే నిజంగా తగ్గుతుందా లేక ఊరికే రాసేస్తారా?

తగ్గిస్తుందనే ఎక్కువ స్టడీలు చెప్తున్నాయి, కానీ జనం అనుకున్నంత కాదు. 2012లో 63 ట్రయల్స్‌ని కలిపి చూసిన ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది, దాదాపు 12 వేల మంది డేటా. దాని లెక్క ప్రకారం సుమారు 13 మంది ప్రోబయాటిక్ వేసుకుంటే వాళ్ళలో ఒక్కరికి విరేచనాలు తప్పుతాయి. మిగతా 12 మందిలో చాలామందికి అది లేకపోయినా ఏమీ అయ్యేది కాదు, కొంతమందికి అది వేసుకున్నా విరేచనాలు వచ్చాయి. "నేను వేసుకున్నా, నాకేం కాలేదు, కాబట్టి పనిచేసింది" అని ఎవరైనా అంటే ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి.

పిల్లల్లో ఫలితం ఇంకాస్త స్పష్టంగా ఉంది. 2019లో వైద్య ట్రయల్స్‌ని కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ చేసిన సమీక్షలో ప్రోబయాటిక్ తీసుకోని పిల్లల్లో 100కి 19 మందికి విరేచనాలు వస్తే, తీసుకున్నవాళ్ళలో 8 మందికే వచ్చాయి.

సీ డిఫ్ విషయంలో 2017 కోక్రేన్ సమీక్ష చూస్తే 100కి 4 మంది నుంచి ఒకటిన్నరకి తగ్గింది, కానీ ఆ లాభం కనిపించింది ముందే రిస్క్ ఎక్కువ ఉన్న గ్రూపుల్లో. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ళ మనిషి 3 రోజుల కోర్సు వాడుతుంటే ఈ అంకెలు అతనికి అంతగా వర్తించవు.

అంటే స్టడీలన్నీ ఒకే మాట చెప్తున్నాయా?

లేదు, ఇక్కడే అసలు గొడవ. 2013లో బ్రిటన్‌లో 65 ఏళ్ళు దాటిన దాదాపు 3 వేల మంది హాస్పిటల్ పేషెంట్ల మీద ప్లాసైడ్ అనే ట్రయల్ చేశారు. సగం మందికి బ్యాక్టీరియా ప్రోబయాటిక్, సగం మందికి డమ్మీ క్యాప్సూల్. రెండు గ్రూపుల్లోనూ 100కి 10 లేదా 11 మందికి విరేచనాలు, తేడా లేదు. చిన్న చిన్న ట్రయల్స్ చాలా బాగుంది అంటుంటే పెద్దది, పద్ధతిగా చేసింది వచ్చి ఏమీ లేదు పొమ్మంది.

అందుకే గైడ్‌లైన్స్ రాసే డాక్టర్ల సంఘాలు కూడా ఏకాభిప్రాయంలో లేవు. అమెరికాలోనే ఒక గ్యాస్ట్రో డాక్టర్ల సంఘం 2020లో సీ డిఫ్ రాకుండా ఉండటానికి ఫలానా కొన్ని రకాలు వాడొచ్చు, రుజువు బలహీనమే అని రాసింది, ఇంకో సంఘం 2021లో దానికోసం వాడొద్దు అని రాసింది. ఇద్దరి ముందూ ఉన్నది చాలావరకు అవే స్టడీలు! నా ఉద్దేశంలో తేడా ఎక్కడొచ్చిందంటే "ప్రోబయాటిక్" అని ఒకే పేరు కింద పదుల కొద్దీ వేరువేరు సూక్ష్మజీవుల్ని కట్టేసి సగటు తీయడంలో.

మరి ఏ రకం అడగాలి?

పేరు తెలుసుకుంటే సగం పని అయినట్టే. అన్నిటికన్నా ఎక్కువ పరీక్షించినవి రెండు.

ఒకటి శాకరోమైసెస్ బౌలార్డీ. ఇది బ్యాక్టీరియా కాదు, ఈస్ట్, అంటే ఫంగస్ జాతి. యాంటీబయాటిక్ దీన్ని చంపలేదు, అందుకే టైమింగ్ గొడవ దీనికి దాదాపు లేదు. కానీ ఫ్లూకోనజోల్ లాంటి ఫంగస్ మందు వాడుతుంటే ఇది చచ్చిపోతుంది, రెండూ కలిపి వాడటంలో అర్థం లేదు.

రెండోది లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ. ఆ చివరి "జీజీ" ముఖ్యం, అది స్ట్రెయిన్ పేరు. కుక్కల్లో జాతులున్నట్టే ఒకే బ్యాక్టీరియాలో స్ట్రెయిన్లు ఉంటాయి, ఒకదాని మీద వచ్చిన ఫలితం పక్కదానికి అంటించలేం. డబ్బా మీద వట్టి లాక్టోబాసిల్లస్ అని మాత్రమే రాసుంటే అది పరీక్షించిన రకమో కాదో చెప్పే దారే లేదు.

బాసిల్లస్ క్లాసీ అని ఇంకోటి కూడా చాలామంది వాడతారు, చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో నీళ్ళలా వస్తుంది. అది స్పోర్ల రూపంలో, అంటే గట్టి కవచం లోపల నిద్రపోతున్నట్టు ఉంటుంది, చాలా యాంటీబయాటిక్స్‌ని తట్టుకుంటుంది. అయితే దాని మీద రుజువు పై రెండింటికన్నా తక్కువ.

ఎప్పుడు మొదలుపెట్టాలి? కోర్సు అయ్యాక వేసుకుంటే సరిపోదా?

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. విరేచనాలు మొదలయ్యాకో కోర్సు అయ్యాకో మొదలుపెడతారు, కానీ ఉన్న రుజువంతా ముందునుంచీ వేసుకున్నవాళ్ళ మీద. హాస్పిటల్ పేషెంట్లలో సీ డిఫ్ మీద 2017లో వచ్చిన ఒక విశ్లేషణలో, యాంటీబయాటిక్ మొదటి డోస్ పడిన 2 రోజుల్లోపు ప్రోబయాటిక్ మొదలుపెడితే లాభం బాగా కనిపించింది, లేటయ్యేకొద్దీ తగ్గిపోయింది. ఆలోచిస్తే లాజిక్కే, పేగులో జాగా ఖాళీ అయ్యి వేరేవాళ్ళు కబ్జా చేసేలోపే అక్కడ ఉండాలి కదా.

కాబట్టి వేసుకోవాలనుకుంటే మొదటిరోజే. నాలుగో రోజు గుర్తొస్తే వేసుకోవడం వల్ల నష్టం లేదు, కాకపోతే స్టడీల్లో కనిపించిన లాభం అంతా వస్తుందని అనుకోవద్దు.

రెండింటి మధ్య ఎంత గ్యాప్ ఉండాలి?

బ్యాక్టీరియా రకం అయితే కనీసం 2 గంటలు అని మామూలుగా చెప్తారు. ఈ 2 గంటలు అన్నది ఏదో గట్టి ట్రయల్‌లో తేలిన అంకె కాదు, యాంటీబయాటిక్ పొట్టలో, చిన్నపేగు పైభాగంలో బాగా చిక్కగా ఉండే టైమ్‌ని తప్పించుకోవడం కోసం పెట్టుకున్న లెక్క. మందు రక్తంలోంచి, పిత్తరసంలోంచి మళ్ళీ పేగులోకి వస్తూనే ఉంటుంది, కాబట్టి గ్యాప్ ఇచ్చినంత మాత్రాన బ్యాక్టీరియా పూర్తిగా సేఫ్ అని కాదు, కొన్ని ఎక్కువ బతుకుతాయి అంతే. ఒకరోజు మర్చిపోయి రెండూ కలిపి మింగేస్తే కంగారు పడక్కర్లేదు, యాంటీబయాటిక్ పనికి అడ్డేమీ రాదు.

ఇందులో రివర్స్‌లో జరిగే తప్పే నాకు ఎక్కువ భయం. ప్రోబయాటిక్ గ్యాప్ కోసం యాంటీబయాటిక్ టైమ్‌ని జరిపేయడం, ఒక్కోసారి డోసే ఎగ్గొట్టడం. ఇన్ఫెక్షన్‌కి మందు యాంటీబయాటిక్. దాని టైమ్ కదలకూడదు, రెండోదాన్నే దాని చుట్టూ సర్దుకోవాలి.

ఒక ఉదాహరణతో చెప్పండి, రోజులో ఎలా సర్దుకోవాలి?

68 ఏళ్ళ ఒకావిడ అనుకుందాం. పంటి దగ్గర చీము పట్టింది, డాక్టర్ అమాక్సిసిలిన్-క్లావులనేట్ 625 ఎంజీ రోజుకి రెండుసార్లు, 7 రోజులు రాశారు. ఆవిడ అసిడిటీకి రోజూ టాబ్లెట్ వేసుకుంటారు, పోయినసారి ఇదే యాంటీబయాటిక్‌కి నాలుగు రోజులు విరేచనాలతో నీరసపడిపోయారు. అంటే రిస్క్ ఉన్న మనిషే: వయసు, విరేచనాలు ఎక్కువ తెచ్చే మందు, పాత అనుభవం, పైగా పొట్టలో యాసిడ్ తగ్గించే మందులు వాడేవాళ్ళలో సీ డిఫ్ కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. ఇమ్యూనిటీ సమస్యలు లేవు, హాస్పిటల్లో లేరు. ఇలాంటి మనిషికి ప్రోబయాటిక్ అడగడంలో అర్థం ఉంది.

యాంటీబయాటిక్ పొద్దున 8కి, రాత్రి 8కి, రెండుసార్లూ తిండి మొదలుపెట్టేటప్పుడే. ఈ మందు తిండితో వేసుకుంటే కడుపులో తిప్పడం తగ్గుతుంది, ప్రోబయాటిక్ సంగతి ఆలోచించే ముందు చేయాల్సిన పని ఇదే, ఖర్చు లేనిది కూడా.

బౌలార్డీ ఎంచుకుంటే ట్రయల్స్‌లో వాడిన డోసుల్లో ఒకటి 250 ఎంజీ రోజుకి రెండుసార్లు. ఇది ఈస్ట్ కాబట్టి అదే 8 గంటలకి యాంటీబయాటిక్‌తో పాటు వేసేసుకోవచ్చు, వేరే టైమ్ గుర్తుపెట్టుకునే బాధ లేదు. పెద్దవయసు వాళ్ళకి, అప్పటికే రోజుకి ఆరేడు మందులు వేసుకునేవాళ్ళకి ఈ ఒక్క సౌకర్యమే పెద్దది.

జీజీ రకం ఎంచుకుంటే మధ్యాహ్నం భోజనంతో, ఒంటిగంట అలా. అటు 5 గంటలు, ఇటు 7 గంటలు, గ్యాప్ దానంతట అదే వచ్చేసింది. క్యాప్సూల్ మింగలేక విప్పి కలుపుకుంటే చల్లగానో గోరువెచ్చగానో ఉన్నదాంట్లో కలపాలి, వేడివేడి టీలోనో పొగలు కక్కే అన్నంలోనో కలిపితే లోపలున్న ప్రాణం కాస్తా పోతుంది.

మూడో రోజు ఆవిడకి రెండుసార్లు కాస్త పల్చగా వెళ్ళింది, జ్వరం లేదు, రక్తం లేదు. నీళ్ళు, ఓఆర్ఎస్ తాగుతూ రెండూ కొనసాగించొచ్చు. అదే రోజుకి ఐదారుసార్లు నీళ్ళలా వెళ్తే ప్రోబయాటిక్ డోస్ పెంచడం కాదు, డాక్టర్‌కి ఫోన్ చేయాలి.

యాంటీబయాటిక్ రోజుకి మూడుసార్లు అయితే?

8 గంటల గ్యాప్ ఉంటుంది కదా, రెండు డోసుల మధ్యలో ఎక్కడైనా. పొద్దున 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 అయితే పదింటికో సాయంత్రం ఆరింటికో.

కోర్సు అయ్యాక ఇంకెన్నాళ్ళు వాడాలి?

చాలా ట్రయల్స్‌లో కోర్సు ఉన్నన్నాళ్ళూ ఇచ్చి, ఆ తర్వాత కొన్ని రోజుల నుంచి ఒకటి రెండు వారాల దాకా కొనసాగించారు. కోర్సు అయ్యాక కూడా విరేచనాలు రావచ్చు కాబట్టి ఒక వారం అదనంగా వాడటం తప్పు కాదు. ఇక నెలల తరబడి "పేగుల్ని మళ్ళీ సెట్ చేసుకోవడానికి" వాడటం మాత్రం వేరే సంగతి, దానికి రుజువు లేకపోగా ఎదురు తిరిగిన స్టడీ ఒకటుంది.

2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఆరోగ్యంగా ఉన్న 21 మందికి సిప్రోఫ్లోక్సాసిన్, మెట్రోనిడజోల్ వారం రోజులు ఇచ్చారు. తర్వాత కొందరికి 11 స్ట్రెయిన్లున్న ప్రోబయాటిక్ ఇచ్చారు, కొందర్ని అలాగే వదిలేశారు, కొందరికి ముందే దాచిపెట్టిన వాళ్ళ సొంత మలంలోని బ్యాక్టీరియానే తిరిగి ఎక్కించారు. సొంత బ్యాక్టీరియా ఎక్కించుకున్నవాళ్ళు కొద్దిరోజుల్లోనే మామూలైపోయారు, వదిలేసినవాళ్ళు నెమ్మదిగా కోలుకున్నారు, ప్రోబయాటిక్ వేసుకున్నవాళ్ళ పేగు బ్యాక్టీరియా అందరికన్నా లేటుగా, 5 నెలలు గడిచినా పూర్తిగా పాత స్థితికి రాలేదు. అందర్లోకీ ప్రోబయాటిక్ వాళ్ళే వెనకబడటం ఎవరూ ఊహించని విషయం!

దీన్ని చూసి ప్రోబయాటిక్ చెడ్డది అనేయడమూ తొందరపాటే. 21 మందే, పైగా అందులో చూసింది బ్యాక్టీరియా లెక్కలు, ఎవరికి జబ్బు చేసిందన్నది కాదు. విరేచనాలు ఆపడం ఒక పని, పాత బ్యాక్టీరియా మొత్తాన్ని తిరిగి తేవడం ఇంకో పని. మొదటిదానికి ప్రోబయాటిక్ కొంత సాయం చేస్తుంది, రెండోదాన్ని దాన్నుంచి ఆశించొద్దు.

డబ్బా మీద 50 బిలియన్ అని ఉంది, ఎంత ఎక్కువుంటే అంత మంచిదా?

బతికున్న సూక్ష్మజీవుల సంఖ్యని సీఎఫ్‌యూ అని రాస్తారు. పిల్లల స్టడీల్లో రోజుకి 5 బిలియన్, అంటే 500 కోట్లు, లేదా అంతకన్నా ఎక్కువ ఇచ్చినప్పుడు ఫలితం బాగుంది, ఒక బిలియన్ లాంటి చిన్న డోసుల్లో అంత కనిపించలేదు. కానీ 50 బిలియన్ వేసుకుంటే పది రెట్లు లాభం అని ఏ స్టడీ చెప్పలేదు, ప్లాసైడ్ ట్రయల్‌లో రోజుకి 60 బిలియన్ ఇచ్చారు, ఫలితం పైన చూశారుగా. ఇంకో చిన్న విషయం, ఆ అంకె తయారైన రోజుదా లేక ఎక్స్‌పైరీ దాకా ఉండేదా అన్నది డబ్బా మీద చూడండి.

పెరుగు తింటే సరిపోదా?

పెరుగు తినడం మంచిదే గానీ ట్రయల్స్‌లో వాడిన స్ట్రెయిన్, వాడిన డోస్ అందులో ఉన్నాయన్న గ్యారంటీ లేదు, కాబట్టి దాని బదులు ఇది అనుకోలేం.

పెరుగుతో వేరే చిక్కొకటుంది. సిప్రోఫ్లోక్సాసిన్, టెట్రాసైక్లిన్ లాంటి మందులు పాలు, పెరుగులోని కాల్షియంతో అతుక్కుపోయి ఒంట్లోకి సరిగ్గా ఎక్కవు. పేగుకి మంచిదని ఆ టాబ్లెట్‌ని పెరుగుతో మింగితే ఇన్ఫెక్షన్ మందే సగం వృథా అవ్వచ్చు. సిప్రోఫ్లోక్సాసిన్ అయితే పాలపదార్థాలకి 2 గంటల ముందు వేసుకోవాలి, లేదా అవి తిన్న 6 గంటలకి.

పిల్లలకి ఇవ్వొచ్చా?

మామూలుగా ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి బౌలార్డీ గానీ జీజీ గానీ మొదటిరోజు నుంచే ఇవ్వొచ్చని పిల్లల గ్యాస్ట్రో డాక్టర్ల యూరప్ సంఘం చెప్తోంది. డోస్ పిల్లల డాక్టర్‌నే అడగండి. నెలలు నిండకుండా పుట్టిన పసివాళ్ళ సంగతి పూర్తిగా వేరు, కింద చదవండి.

ఎవరు వేసుకోకూడదు?

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి గ్యాస్, కడుపుబ్బరం తప్ప పెద్దగా ఏమీ అవ్వదు. ప్రమాదం ఎక్కడంటే ఆ సూక్ష్మజీవి పేగు దాటి రక్తంలోకి వెళ్ళే అవకాశం ఉన్నచోట. అది బతికున్న జీవి, పేగులో ఉన్నంతసేపే స్నేహితుడు.

ఇమ్యూనిటీ బాగా తగ్గినవాళ్ళు, అంటే కీమోథెరపీలో ఉన్నవాళ్ళు, అవయవ మార్పిడి అయినవాళ్ళు, డాక్టర్ చెప్పకుండా ముట్టుకోవద్దు. ఐసీయూలో ఉన్నవాళ్ళు కూడా అంతే. మెడలోనో ఛాతీలోనో పెద్ద రక్తనాళంలోకి సెంట్రల్ లైన్ వేసి ఉన్నవాళ్ళకి బౌలార్డీ అసలు వద్దు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఏంటంటే, పేషెంట్ దాన్ని మింగకపోయినా ప్రమాదం ఉంది. పక్కన ఎవరైనా సాచెట్ చింపితే ఆ పొడి గాల్లోకి లేచి, చేతులకి అంటుకుని, లైన్ ద్వారా రక్తంలోకి వెళ్ళి ఫంగస్ ఇన్ఫెక్షన్ అయిన కేసులున్నాయి. 2017లో యూరప్ మందుల ఏజెన్సీ తీవ్రంగా జబ్బుపడినవాళ్ళకి, ఇమ్యూనిటీ తగ్గినవాళ్ళకి దీన్ని వాడకూడదని తేల్చి చెప్పింది. హాస్పిటల్లో ఉన్న మనిషిని చూడ్డానికి వెళ్తూ ఇంట్లో ఉన్న సాచెట్లు పట్టుకెళ్ళొద్దు.

పాంక్రియాస్ తీవ్రంగా వాచినవాళ్ళకి కూడా వద్దు. 2008లో నెదర్లాండ్స్‌లో దాదాపు 300 మంది మీద చేసిన ట్రయల్‌లో ప్రోబయాటిక్ ఇచ్చినవాళ్ళలో 16 శాతం చనిపోతే డమ్మీ ఇచ్చినవాళ్ళలో 6 శాతం చనిపోయారు. "ఏముంది, మంచి బ్యాక్టీరియానేగా" అనే మాట అన్నిచోట్లా చెల్లదని ఆ ట్రయల్ తర్వాతే చాలామంది డాక్టర్లకి గట్టిగా అర్థమైంది.

నెలలు నిండని శిశువుల విషయంలో 2023లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది, హాస్పిటల్లో ప్రోబయాటిక్ ఇచ్చిన ఒక శిశువు రక్తంలో అదే బ్యాక్టీరియా చేరి చనిపోయిన తర్వాత. ఇంట్లో పెద్దవాళ్ళ సొంత నిర్ణయంతో ఇచ్చే వస్తువు కాదు.

గుండె వాల్వ్ మార్పిడి అయినవాళ్ళు, ఇంతకుముందు గుండె లోపలి పొరకి ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ళు కూడా ముందు అడిగి వేసుకోవాలి.

నాకు ఏ రిస్కూ లేదు, 5 రోజుల కోర్సే, అయినా వేసుకోవాలా?

నేనైతే వేసుకోను. ఇంతకుముందు యాంటీబయాటిక్ వాడినప్పుడు ఏ ఇబ్బందీ రాకపోతే దొరికే లాభం చాలా చిన్నది. వేసుకుంటానంటే తప్పేం లేదు, డాక్టర్ రాస్తే మానక్కర్లేదు కూడా.

విరేచనాలు మొదలయ్యాయి, ఎప్పుడు భయపడాలి?

మోషన్‌లో రక్తం, జ్వరం, గట్టి కడుపునొప్పి, పొట్ట ఉబ్బిపోవడం, మూత్రం బాగా తగ్గిపోవడం, వీటిలో ఏదున్నా ఆగకుండా వెళ్ళాలి. ఇవేమీ లేకపోయినా 24 గంటల్లో మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు నీళ్ళలా వెళ్తూ, అది రెండోరోజు కూడా తగ్గకపోతే చూపించుకోండి, మోషన్ శాంపిల్‌తో సీ డిఫ్ టెస్ట్ చేస్తారు. అప్పటిదాకా విరేచనాలు ఆపే లోపరమైడ్ లాంటి టాబ్లెట్ సొంతంగా వేసుకోవద్దు, సీ డిఫ్ అయితే ఆ విషం లోపలే నిలిచిపోతుంది. యాంటీబయాటిక్‌ని మీ అంతట మీరు ఆపడం కూడా వద్దు, ఆపాలా మార్చాలా అన్నది రాసిన డాక్టర్ చెప్పాలి.

సీ డిఫ్ కోర్సు మధ్యలోనే రావాలని లేదు, మందు ఆపేసిన తర్వాత కొన్ని వారాలకి, ఒక్కోసారి రెండు మూడు నెలలకి కూడా రావచ్చు. అప్పటికి ఆ యాంటీబయాటిక్ సంగతే మర్చిపోయి ఏదో తిన్నది పడలేదనుకుంటారు. డాక్టర్ దగ్గరికి వెళ్తే గత మూడు నెలల్లో ఏ యాంటీబయాటిక్ వాడారో పేరుతో సహా చెప్పండి, పేరు గుర్తులేకపోతే పాత చీటీ పట్టుకెళ్ళండి.